ఫోన్ రీసెట్ అయ్యాక కొన్న యాప్‌లు, పుస్తకాలు, పాటలు తిరిగి తెచ్చుకోవడం ఎలా?

ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ అయింది. ప్లే స్టోర్‌లోకి వెళ్లి, ఎప్పుడో డబ్బు కట్టి కొన్న యాప్ పేరు వెతికితే, 'Install' అని ఉండాల్సిన చోట రూపాయల్లో ధర కనిపిస్తోంది. ఆ ధర మీద మాత్రం నొక్కకండి. మీరు కొన్నది ఎక్కడికీ పోలేదు. చాలావరకు మీరిప్పుడు వేరే అకౌంట్‌తో లోపలికి వెళ్లి ఉంటారు, అంతే.

ప్లే స్టోర్‌లో యాప్ కొన్నా పుస్తకం కొన్నా ఆ లెక్క మీ ఫోన్‌లో ఉండదు. గూగుల్ దగ్గర, కొన్న రోజు మీరు వాడిన జీమెయిల్ పేరు కింద ఉంటుంది. ఫోన్‌లోకి దిగేది దాని కాపీ ఒకటే. రీసెట్‌లో చెరిగిపోయింది ఆ కాపీ. అమెజాన్ కిండిల్‌కీ, ఆపిల్ స్టోర్లకీ ఇదే పద్ధతి. కాబట్టి ఈ పనంతటిలో ముప్పావు వంతు 'ఏ అకౌంట్‌తో కొన్నాను?' అని తేల్చుకోవడమే. డౌన్‌లోడ్ ఆ తర్వాత పది నిమిషాల పని.

ఒక హెచ్చరిక మొదట్లోనే చెప్పేస్తాను. వాట్సాప్‌లో ఎవరో పంపితే దాచుకున్న పీడీఎఫ్‌లు, కంప్యూటర్ నుంచి ఎక్కించుకున్న పాటలు, స్టోర్ బయట నుంచి దించుకున్న యాప్ ఫైళ్లు ఏ స్టోర్ లెక్కలోనూ ఉండవు. ఈ దారిలో అవి రావు. ఇక్కడ చెప్పేది కొన్నవాటి గురించే.

ముందు సిమ్, తర్వాత జీమెయిల్

రీసెట్ అయిన ఫోన్‌లో వైఫై కంటే ముందు మీ పాత సిమ్ పెట్టండి. పాత అకౌంట్‌లోకి వెళ్లబోతే గూగుల్ అడిగే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. 'మీ ఫోన్‌లో వచ్చిన నోటిఫికేషన్ మీద Yes నొక్కండి' అని అడిగితే కంగారు పడకండి. ఆ నోటిఫికేషన్ రావాల్సిన ఫోన్ మీరు చెరిపేసినదే. కింద 'Try another way' అని ఉంటుంది. అక్కడ ఎస్సెమ్మెస్ దారి ఎంచుకోండి. ఎప్పుడైనా టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకుని ఉంటే ఇప్పుడు అవి పనికొస్తాయి. ఒక్కో కోడ్ ఎనిమిది అంకెలు ఉంటుంది, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది.

సెట్టింగ్స్‌లోంచి కాకుండా పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి రీసెట్ చేసిన ఫోన్ అయితే, ముందు అందులో ఉన్న జీమెయిల్ గానీ పాత స్క్రీన్ లాక్ గానీ ఇవ్వందే లోపలికి రానివ్వదు. దొంగల చేతిలో పడిన ఫోన్ పనికిరాకుండా చేసే ఏర్పాటు అది. సర్వీసు షాపులో రీసెట్ చేయించినప్పుడు చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

మన ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కొత్త ఫోన్ కొన్న రోజు షాపు కుర్రాడు 'జీమెయిల్ ఉందా అంకుల్?' అని అడుగుతాడు. పాస్‌వర్డ్ గుర్తులేదంటే అప్పటికప్పుడు కొత్తది తయారుచేసి ఫోన్ చేతికిస్తాడు. మూడు ఫోన్లు మారేసరికి ఒకే మనిషి పేరు మీద మూడు జీమెయిల్‌లు ఉంటాయి. యాప్ కొన్నది ఒకదానితో, పుస్తకాలు కొన్నది ఇంకొకదానితో అయి ఉంటుంది.

మా పిన్ని సంగతి చెబితే మిగతా దారి సులువుగా అర్థమవుతుంది. ఆమె ఇంట్లో పిల్లలకి కర్ణాటక సంగీతం నేర్పుతుంది. డబ్బు కట్టి కొన్న శ్రుతి పెట్టె యాప్ ఒకటి, ప్లే బుక్స్‌లో కొన్ని తెలుగు నవలలు, కిండిల్‌లో కొన్ని ఇంగ్లీషు పుస్తకాలు, ఎప్పుడో ప్లే మ్యూజిక్‌లో కొన్న కీర్తనలు ఆమె ఆస్తి. ఫోన్ హ్యాంగ్ అవుతోందని రీసెట్ చేయించింది. షాపులో కొత్త జీమెయిల్ పెట్టి ఇచ్చారు. శ్రుతి యాప్ దగ్గర ధర కనిపించింది. 'ఇంకోసారి కొనేస్తే పోలా?' అంది పిన్ని. పోదు. యాప్ కోసం రెండోసారి డబ్బు కట్టినా నవలలు ఇంకో అకౌంట్‌లోనే ఉండిపోతాయి. పైగా ఒక అకౌంట్‌లో కొన్నది ఇంకో అకౌంట్‌లోకి మార్చే వీలు ప్లే స్టోర్‌లో లేదు.

ఏ అకౌంట్‌తో కొన్నారో పట్టుకోవడం

పాత జీమెయిల్ అసలు గుర్తులేకపోతే గూగుల్ సైన్ ఇన్ పేజీలో 'Forgot email?' నొక్కండి. మీ ఫోన్ నంబరు, ఆ అకౌంట్‌కి పెట్టిన పేరు అడుగుతుంది. ఓటీపీ ఇచ్చాక ఆ నంబరుతో ముడిపడిన జీమెయిల్‌లు వరసగా చూపిస్తుంది. పేరు దగ్గర చాలామందికి తేడా వస్తుంది. షాపు కుర్రాడు ఇంటిపేరు ముందు రాశాడో వెనక రాశాడో, అసలు రాశాడో లేదో తెలియదు. రెండు మూడు రకాలుగా ప్రయత్నించి చూడండి. జీమెయిల్ తెలిసి పాస్‌వర్డ్ తెలియకపోతే వెళ్లాల్సిన చోటు `g.co/recover`.

రెండేళ్లు వాడని అకౌంట్‌లను గూగుల్ తొలగిస్తుందని వినే ఉంటారు. ఆ తొలగింపు 2023 డిసెంబరులో మొదలైంది. అయితే పుస్తకం లాంటి డిజిటల్ వస్తువు కొన్న అకౌంట్‌లను అందులోంచి మినహాయిస్తామని గూగుల్ తన నియమాల్లోనే రాసింది. కాబట్టి పాతబడిందని ముందే ఆశ వదులుకోకండి.

దొరికిన అకౌంట్‌లలో కొన్నది ఏదో చెప్పేది రసీదు. ప్లే స్టోర్‌లో ఏది కొన్నా అదే అకౌంట్ జీమెయిల్‌కి ఒక మెయిల్ వస్తుంది. అందులో ఆర్డర్ నంబరు సాధారణంగా `GPA.` అనే అక్షరాలతో మొదలవుతుంది. ఒక్కో జీమెయిల్‌లోకి వెళ్లి వెతికే పెట్టెలో ఇది రాయండి:

```
from:googleplay-noreply@google.com
```

రసీదులు వచ్చిపడ్డ అకౌంటే మీకు కావాల్సింది. మెయిల్‌లు చెరిపేసి ఉంటే ఇంకో దారి ఉంది. బ్రౌజర్‌లో ఆ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి `play.google.com/store/account/orderhistory` తెరవండి. ఆ అకౌంట్ మీద ఇప్పటిదాకా కొన్నవన్నీ తేదీలు, ధరలతో కనిపిస్తాయి. ఫోన్‌లోనైతే ప్లే స్టోర్‌లో పైన కుడివైపు మీ ఫొటో నొక్కి 'Payments & subscriptions', అందులో 'Budget & history'కి వెళ్లాలి.

ఎంత పెట్టి కొన్నారో, ఎప్పుడు కొన్నారో గుర్తులేకపోతే బ్యాంకు చెబుతుంది. ఫోన్‌లోని ఎస్సెమ్మెస్‌లు రీసెట్‌లో పోయి ఉంటాయి కాబట్టి వాటికోసం వెతకొద్దు. బ్యాంకు స్టేట్‌మెంట్ చూడండి, లేదా యూపీఐ యాప్‌లోకి మళ్లీ లాగిన్ అయి లావాదేవీల చరిత్ర చూడండి. అక్కడ గూగుల్ ప్లే పేరుతో వెళ్లిన డబ్బు, తేదీ దొరుకుతాయి. ఆ తేదీ చేతిలో ఉంటే, ఆ రోజుల్లో మీరు ఏ ఫోన్ వాడేవారో, అందులో ఏ జీమెయిల్ ఉండేదో గుర్తుపట్టడం తేలిక.

పిన్ని పాత నంబరుతో వెతికితే రెండు జీమెయిల్‌లు బయటపడ్డాయి. శ్రుతి యాప్ రసీదు మొదటిదాంట్లో, నవలల రసీదులు రెండోదాంట్లో ఉన్నాయి. షాపులో పెట్టిన మూడోది పూర్తిగా ఖాళీ.

రెండు అకౌంట్‌లూ ఒకే ఫోన్‌లో ఉండొచ్చు

పాత అకౌంట్ దొరికిందని ఫోన్‌ని మళ్లీ రీసెట్ చేయనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో అకౌంట్‌ల విభాగానికి వెళ్లండి. కొన్ని ఫోన్లలో దాని పేరు 'Passwords & accounts', కొన్నింటిలో 'Accounts and backup'. అక్కడ 'Add account', ఆపైన 'Google' నొక్కి పాత జీమెయిల్ ఇవ్వండి. ఒక్క ఫోన్‌లో మూడు నాలుగు జీమెయిల్‌లు ఉన్నా ఇబ్బందేమీ లేదు.

మళ్లీ రీసెట్ చేయాలా అని ఆలోచించాల్సిన సందర్భం ఒక్కటుంది. రీసెట్‌కి ముందు గూగుల్ బ్యాకప్ ఆన్‌లో ఉండి, ఫోన్ మొదలుపెట్టేటప్పుడు 'Copy apps & data' దగ్గర 'వద్దు' అనేశారనుకోండి. ఆ బ్యాకప్‌లో యాప్‌ల జాబితాతోపాటు కాల్ హిస్టరీ, ఎస్సెమ్మెస్‌లు, సెట్టింగులు కూడా ఉంటాయి. వాటిని మామూలుగా ఫోన్ మొదటిసారి తెరిచేటప్పుడే దించుకోవాలి. ఆ ఎస్సెమ్మెస్‌లు మీకు ముఖ్యమైతే ఇంకోసారి రీసెట్ చేయడం తప్పదు. ఆలస్యం కూడా చేయకండి. ఫోన్ 57 రోజులు వాడకుండా ఉంటే ఆ బ్యాకప్ తొలగిపోవచ్చు. యాప్‌లు, పుస్తకాలు మాత్రమే కావాలనుకుంటే ఈ అవస్థ పడనక్కర్లేదు. కింద చెప్పిన దారి చాలు.

యాప్‌లు దించుకోవడం

ప్లే స్టోర్ తెరిచి పైన ఫొటో నొక్కండి. మీ పేరు పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కి, కొన్న అకౌంట్‌కి మారండి. ఇప్పుడు ఆ యాప్ పేజీకి వెళితే ధర పోయి 'Install' కనిపించాలి. మీరు సరైన అకౌంట్‌లో ఉన్నారనడానికి ఇంతకంటే తేలికైన గుర్తు లేదు. ఇంకా ధరే కనిపిస్తుంటే మళ్లీ రసీదుల దగ్గరికే వెళ్లాలి.

ఏయే యాప్‌లు ఉండేవో గుర్తులేనివాళ్లు అదే ఫొటో కింద 'Manage apps & device'లోకి వెళ్లి, పైన 'Manage' ట్యాబ్ నొక్కండి. అక్కడ 'Installed' అని గానీ 'This device' అని గానీ ఒక చిన్న పెట్టె ఉంటుంది. ప్లే స్టోర్ వెర్షన్‌ని బట్టి ఆ మాట మారుతుంది. దాన్ని నొక్కి 'Not installed' ఎంచుకుంటే ఆ అకౌంట్‌తో ఇంతకుముందు ఎక్కించుకున్న యాప్‌లన్నీ వస్తాయి. కావాల్సినవాటి పక్కన టిక్ పెట్టి ఒకేసారి దించుకోవచ్చు. ఈ జాబితా చూసి మాత్రం ఆశ్చర్యపోకండి. ఎప్పుడో ఒక్కరోజు వాడి తీసేసిన ఫ్లాష్‌లైట్ యాప్‌ల దగ్గర నుంచి అన్నీ ఉంటాయి. అన్నిటికీ టిక్ పెడితే మళ్లీ ఫోన్ నిండిపోయి, హ్యాంగ్ అయ్యే కథ మొదటికి వస్తుంది.

రీసెట్ అయిన మొదటి గంటలో చాలామందిని విసిగించేది 'Pending'. ఇన్‌స్టాల్ నొక్కుతారు, ఎంతసేపైనా కదలదు. నెట్ బాగోలేదనుకుని వైఫై ఆపి ఆన్ చేస్తుంటారు. నిజానికి ఆ సమయంలో ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌లన్నీ ఒక్కసారిగా అప్‌డేట్ అవుతుంటాయి. మీ యాప్ ఆ క్యూలో చివర నిలబడి ఉంటుంది. 'Manage apps & device'లో నడుస్తున్న అప్‌డేట్‌లను ఆపేయండి. మీ యాప్ వెంటనే కదులుతుంది. అప్‌డేట్‌లు రాత్రికి చేసుకోవచ్చు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్‌లు వైఫై మీదే జరగాలని ఉంటే మొబైల్ డేటా మీద ఎంతసేపు చూసినా కదలదు. అదీ ఒకసారి చూసుకోండి.

యాప్ పేజీయే కనిపించకపోతే రెండు రకాల కారణాలుంటాయి. తయారుచేసినవాళ్లు తమంతట తాము దాన్ని స్టోర్ నుంచి తప్పించి ఉంటే, కొత్తవాళ్లకి కనిపించకపోయినా ముందే తీసుకున్నవాళ్లు దించుకోవచ్చు. కాబట్టి సెర్చ్‌లో దొరకలేదని ఆగిపోకుండా 'Not installed' జాబితాలో వెతకండి. నియమాలు మీరిందని గూగులే తీసేసి ఉంటే మాత్రం దొరకదు. పేజీ ఉండి, మీ ఫోన్‌కి సరిపడదని చెబితే అది ఆండ్రాయిడ్ వెర్షన్ సమస్య. అప్పుడు ఏదో వెబ్‌సైటులో అదే యాప్ ఫైలు వెతికి ఎక్కించుకోవడం మంచిది కాదు. డబ్బు కట్టిన యాప్ చాలాసార్లు మీరు కొన్నారో లేదో ప్లే స్టోర్‌నే అడిగి చూసుకుంటుంది, బయటి ఫైలు ఆ పరీక్షలో నిలబడదు. పైగా ఆ ఫైల్లో ఇంకేం కలిపారో ఎవరికి తెలుసు.

యాప్ వచ్చింది గానీ కొన్న భాగం రాలేదు

యాప్ ఉచితం, లోపల ప్రకటనలు తీసేయడానికో అదనపు సౌకర్యాలకో డబ్బు కట్టారు. దించుకున్నాక ప్రకటనలు మళ్లీ వస్తున్నాయి. యాప్ లోపలి సెట్టింగ్స్‌లో 'Restore purchases' అని ఒక బటన్ ఉంటే అది నొక్కితే సరిపోతుంది. దానితో రాకపోతే అనుమానించాల్సింది మళ్లీ అకౌంట్‌నే. ఫోన్‌లో రెండు జీమెయిల్‌లు ఉన్నప్పుడు యాప్ ఏ అకౌంట్‌తో దిగిందో ఆ అకౌంట్ కొనుగోళ్లనే చూస్తుంది. యాప్ తెరిచి ఉంచి ప్లే స్టోర్‌లో అకౌంట్ మార్చినంత మాత్రాన ఫలితం ఉండదు. యాప్‌ని తీసేయండి. ప్లే స్టోర్‌లో కొన్న అకౌంట్‌కి మారండి. అక్కడి నుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. అప్పుడు 'Restore purchases' నొక్కండి.

పిన్ని శ్రుతి యాప్‌కి సరిగ్గా ఇదే జరిగింది. యాప్‌ని సరైన అకౌంట్‌తోనే దించాం. దానిలోపల విడిగా కొన్న వీణ తంబూరా ధ్వని మాత్రం తాళం గుర్తుతోనే ఉండిపోయింది. రసీదు వెతికితే అది రెండో జీమెయిల్‌తో కొన్నదని తేలింది. అంటే యాప్ ఒకదానితో, దాని లోపలి ధ్వని ఇంకోదానితో. రెండూ ఒకేసారి రావడానికి వీల్లేదు. చివరికి యాప్ తయారుచేసినవాళ్లకి రెండు ఆర్డర్ నంబర్లూ మెయిల్‌లో పంపాం. చిన్న సంస్థ కాబట్టి వాళ్లు తమ వైపు నుంచి తెరిచి ఇచ్చారు. అందరూ ఇవ్వాలని లేదు. యాప్ పేజీలో కిందికి జరిపితే తయారీదారుల మెయిల్ ఉంటుంది. అడగడంలో తప్పులేదు.

ఆటల్లో కొన్న నాణేలు, వజ్రాల లాంటివి 'Restore purchases'కి రావు. అవి వాడితే అయిపోయే సరుకు. ఆటలోనే అకౌంట్ తెరిచి ఉంటే ఆ ఆట సర్వర్‌లో మిగిలి ఉంటాయి, లేకపోతే లేదు. నెలనెలా డబ్బు కట్టే చందాలు మాత్రం రీసెట్ వల్ల ఆగవు. యాప్ ఫోన్‌లో లేకపోయినా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. పాత అకౌంట్‌లోకి ఎలాగూ వెళ్లారు కాబట్టి 'Payments & subscriptions'లో 'Subscriptions' ఒకసారి చూసిరండి.

ప్లే బుక్స్

ప్లే బుక్స్ యాప్‌కి విడిగా అకౌంట్ ఎంపిక ఉంటుంది. ప్లే స్టోర్‌లో మార్చారు కదా అని ఇక్కడా మారి ఉంటుందనుకోవద్దు. యాప్ తెరిచి, పైన ఫొటో నొక్కి, పుస్తకాలు కొన్న అకౌంట్‌కి మారండి. 'Library'లోకి వెళితే అట్టలన్నీ కనిపిస్తాయి. అట్ట కనిపించిందంటే పుస్తకం ఫోన్‌లోకి దిగిందని కాదు. ప్రయాణంలో చదవాలనుకుంటే ఒక్కో పుస్తకాన్నీ ఇంట్లో వైఫై ఉండగా పూర్తిగా డౌన్‌లోడ్ చేసుకోండి. మీరు గీసుకున్న గీతలు, రాసుకున్న నోట్స్, ఆగిన పేజీ అకౌంట్‌తో పాటు వచ్చేస్తాయి. మీరే ఎక్కించుకున్న పీడీఎఫ్, ఈపబ్ ఫైళ్లు ఉంటే అవి కూడా అదే లైబ్రరీలో ఉంటాయి. ఫోన్ ఫైళ్లతో పాటు పోయాయనుకున్న పుస్తకాలు ఇక్కడ దొరికినవాళ్లు ఉన్నారు.

ఇక్కడ ఒక పని చేసిపెట్టుకోమని గట్టిగా చెబుతాను. కంప్యూటర్‌లో `play.google.com/books` తెరిచి, పుస్తకం పక్కన మూడు చుక్కలు నొక్కితే 'Export' అని ఉంటుంది. ప్రచురణకర్త తాళం వేయని పుస్తకమైతే ఈపబ్ గానీ పీడీఎఫ్ గానీ నేరుగా దిగుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు. తాళం ఉన్న పుస్తకమైతే ఏసీఎస్ఎం అనే చిన్న ఫైలు వస్తుంది. అది పుస్తకం కాదు, పుస్తకానికి చీటీ. అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిస్తే అసలు పుస్తకం దిగుతుంది. ఆ ప్రోగ్రామ్‌ని మీ అడోబీ ఐడీతో ఆథరైజ్ చేసుకోవడం మరిచిపోకండి. లేకపోతే రేపు ఆ కంప్యూటర్ రీసెట్ అయినప్పుడు ఇదే గొడవ అక్కడ మొదలవుతుంది.

కిండిల్

కిండిల్ యాప్ దించి అమెజాన్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే పుస్తకాలు వాటంతటవే లైబ్రరీలోకి వస్తాయి. రాలేదంటే ముందు లైబ్రరీలో 'Downloaded' మాత్రమే చూపిస్తోందేమో చూడండి. 'All'కి మారిస్తే చాలాసార్లు అన్నీ బయటపడతాయి. అప్పటికీ ఖాళీగా ఉంటే ఇక్కడా రెండు అకౌంట్‌ల కథే. ఒకటి ఫోన్ నంబరుతో తెరిచింది, ఇంకొకటి ఈమెయిల్‌తో తెరిచింది. మనిషి ఒక్కరే అయినా అమెజాన్ దృష్టిలో ఇద్దరు. బ్రౌజర్‌లో అమెజాన్ సైటుకి వెళ్లి 'Manage Your Content and Devices' తెరిస్తే ఆ అకౌంట్ కింద ఏయే పుస్తకాలున్నాయో తేలిపోతుంది.

అమెరికాలో ఉన్నప్పుడు అక్కడి అమెజాన్‌లో పుస్తకాలు కొని, తిరిగి హైదరాబాదో విశాఖో వచ్చేసినవాళ్లు కంగారు పడొద్దు. కొన్న అకౌంట్‌తోనే లోపలికి వెళ్లండి. అదే పేజీలో 'Preferences' కింద దేశం మార్చుకునే సౌకర్యం ఉంది. అక్కడ మార్చుకున్నా ముందు కొన్న పుస్తకాలు లైబ్రరీలోనే ఉంటాయి. గూగుల్ ప్లేలో ఈ సంగతి ఇంత సులువు కాదు. అక్కడ దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చగలరు, మార్చాక కొన్ని పుస్తకాలు, సినిమాలు అందకపోవచ్చని గూగులే ముందు హెచ్చరిస్తుంది. కాబట్టి ముందు పుస్తకాలు దించుకుని, ఎగుమతి చేసుకుని, దేశం సంగతి తర్వాత చూసుకోండి.

రీసెట్ అయిన ఫోన్‌ని అమెజాన్ కొత్త పరికరంగా లెక్కేస్తుంది. ఫోన్ అదే అయినా జాబితాలో పాత పేరు ఒకటి, కొత్త పేరు ఒకటి ఉంటాయి. ఒక్కో పుస్తకాన్ని ఎన్ని పరికరాల్లో ఉంచుకోవచ్చో ప్రచురణకర్త పెట్టిన హద్దు ఉంటుంది. నాలుగైదుసార్లు ఫోన్ మార్చినవాళ్లకి ఒక్కసారిగా లైసెన్సు హద్దు దాటిందని సందేశం వస్తుంది. అప్పుడు 'Devices' ట్యాబ్‌లోకి వెళ్లి, ఇప్పుడు వాడనివాటిని ఒక్కోటిగా 'Deregister' చేయండి. దీనివల్ల కొన్న పుస్తకాలేవీ పోవు. కిండిల్ అన్‌లిమిటెడ్‌లో తెచ్చుకున్నవి మాత్రం కొన్నవి కావు. చందా ఆగిపోయి ఉంటే అవి తిరిగి రావు.

ఇంతకుముందు కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఫైలుగా దించుకుని యూఎస్‌బీ కేబుల్‌తో ఎక్కించుకునే వీలుండేది. 2025 ఫిబ్రవరి 26న అమెజాన్ దాన్ని తీసేసింది. పాత వ్యాసాల్లో, వీడియోల్లో ఆ దారి చెబుతుంటారు. ఇప్పుడది లేదు.

పాటలు

పాటల విషయంలో శుభవార్త తక్కువ. ముందు మీవి కొన్న పాటలో, చందా పాటలో తేల్చుకోండి. స్పాటిఫై, జియోసావన్ లాంటి యాప్‌లలో 'డౌన్‌లోడ్' చేసుకున్నవి ఆ యాప్ లోపల మాత్రమే వినపడే కాపీలు. సైన్ ఇన్ అయితే ప్లేలిస్టులు తిరిగి వస్తాయి, పాటలు మళ్లీ దించుకోవాలి. చందా ఉన్నంతవరకే అవి మీవి. ఉదాహరణకి స్పాటిఫై, దించుకున్న పాటలున్నా 30 రోజులకోసారైనా నెట్‌కి రమ్మంటుంది.

నిజంగా కొన్న పాటలైతే, కొన్న దుకాణం ఇంకా ఉందా అన్నది ప్రశ్న. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ పేరుతో పాటల దుకాణం తెరిచి, 2013 జూన్‌లో మూసేసింది. కొన్నవాళ్లు ఆ ఆగస్టులోగా దించుకోవాలని గడువిచ్చింది. అప్పుడు దించుకోనివాళ్లకి ఇప్పుడు చేయగలిగింది లేదు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివర్లో మూతపడింది. కొన్న పాటల్ని యూట్యూబ్ మ్యూజిక్‌కి మార్చుకోమని అందరికీ మెయిల్‌లు వచ్చాయి. ఆ గడువు 2021 ఫిబ్రవరిలో ముగిసింది.

అయినా ఒకసారి చూడకుండా వదిలేయకండి. చాలామంది ఆ మెయిల్‌లోని మార్పిడి బటన్ నొక్కి ఆ సంగతే మరిచిపోయారు. యూట్యూబ్ మ్యూజిక్ తెరిచి, పాత అకౌంట్‌కి మారి, 'Library'లో 'Uploads' చూడండి. ఉచితంగా వాడేవాళ్లకీ అది కనిపిస్తుంది. పిన్ని కీర్తనలు అక్కడే, రెండో జీమెయిల్ కింద భద్రంగా ఉన్నాయి.

అక్కడ దొరికితే ఫైళ్లుగా బయటికి తెచ్చుకోండి. కంప్యూటర్‌లో `takeout.google.com`కి ఆ అకౌంట్‌తో వెళ్లి, ముందు 'Deselect all' నొక్కండి. లేదంటే మీ ఫొటోలు, మెయిల్‌లు సహా అన్నీ కట్టగట్టి గంటలకొద్దీ దిగుతుంది. కిందికి జరిపి 'YouTube and YouTube Music' ఒక్కదానికే టిక్ పెట్టండి. దాని పక్కనున్న జాబితాలో మళ్లీ అన్నీ తీసేసి, పేరులో 'music', 'uploads' అనే మాటలున్నదాన్ని మాత్రం ఉంచండి. కొంతసేపటికి డౌన్‌లోడ్ లింకు మెయిల్‌కి వస్తుంది. ఆ జిప్ ఫైల్లో మీ పాటలుంటాయి. వాటిని ఏ ఫోన్‌లోనైనా, కారు స్టీరియోలోనైనా వినొచ్చు.

ఐఫోన్ అయితే

ఐఫోన్‌లో వెతకాల్సింది ఒకే మాట, 'Not on this iPhone'. యాప్ స్టోర్‌లో పైన మీ ఫొటో నొక్కి, మీరు తీసుకున్న యాప్‌ల జాబితాలోకి వెళితే అది కనిపిస్తుంది. పక్కనున్న మేఘం గుర్తు నొక్కితే డబ్బు లేకుండా దిగుతుంది. పాటలకి ఐట్యూన్స్ స్టోర్ యాప్‌లో 'More', ఆపైన 'Purchased'. పాత ఫోన్‌కి తాజా వెర్షన్ సరిపడకపోతే, సరిపడే చివరి వెర్షన్ ఇవ్వమంటారా అని అదే అడుగుతుంది. సరే అనండి. ఒక్క జాగ్రత్త ఉంది. పాత కొనుగోళ్లు వెతుకుతూ ఇద్దరు ముగ్గురి ఆపిల్ అకౌంట్‌లు అదే ఫోన్‌లో మార్చి మార్చి పెట్టొద్దు. ఒక అకౌంట్‌తో పాత కొనుగోళ్లు దించుకుంటే ఆ పరికరం దానికి ముడిపడిపోయి, 90 రోజుల దాకా ఇంకో అకౌంట్ కొనుగోళ్లను దించనివ్వకపోవచ్చు.

పొరపాటున మళ్లీ కొనేసి ఉంటే

ఇదంతా చదవకముందే ధర మీద నొక్కేసినవాళ్లు ఉంటారు. ప్లే స్టోర్‌లో కొన్న యాప్‌కి 48 గంటల్లోగా గూగుల్‌నే రీఫండ్ అడగొచ్చు. ఈబుక్‌కి ఏడు రోజుల గడువుంది. `play.google.com/store/account/orderhistory`లో రెండోసారి కొన్న ఆర్డర్ దగ్గర 'Report a problem' నొక్కి, పొరపాటున కొన్నట్టు కారణం ఎంచుకోండి. యాప్‌కి 48 గంటలు దాటిపోతే తయారీదారులకే రాయాలి. రాసేటప్పుడు పాత ఆర్డర్, కొత్త ఆర్డర్ రెండింటి `GPA.` నంబర్లూ ఇవ్వండి. రీఫండ్ అయిన కొనుగోలు కొత్త అకౌంట్ నుంచి తొలగిపోతుంది కాబట్టి, అడగడానికి ముందే పాత అకౌంట్‌తో ఆ యాప్ తెరుచుకుంటోందో లేదో చూసుకోండి.